గజ్జల్లో ఉబ్బు: హెర్నియా, నొప్పి, గంటల లెక్క

గజ్జల్లో, అంటే పొట్ట అడుగుభాగం తొడతో కలిసే మడత దగ్గర, దగ్గినప్పుడో బరువు ఎత్తినప్పుడో ఉబ్బెత్తుగా లేచి, పడుకోగానే కనిపించకుండా పోయే గడ్డ చాలావరకు హెర్నియాయే. మొదట్లో అది ఉసిరికాయంత ఉంటుంది. స్నానం చేస్తూ సబ్బు రుద్దుకునేటప్పుడు చేతికి తగిలితే తప్ప చాలామందికి ఉన్నట్టే తెలియదు. నొప్పి ఉండదు. ఉన్నా సాయంత్రానికి ఆ పక్క బరువుగా, కిందికి లాగుతున్నట్టు ఉంటుందంతే. రాత్రి పడుకుంటే అదీ పోతుంది. పొద్దున్న లేచేసరికి గడ్డ ఉండదు కాబట్టి జబ్బూ లేదనిపిస్తుంది. అది వచ్చే చోటు పదిమందిలో చెప్పుకునేది కాదు. అందుకే భార్యకో కొడుక్కో కూడా చెప్పకుండా ఏళ్లు గడిపేసేవాళ్లు ఉంటారు.

గడ్డ ఉన్నంత మాత్రాన ప్రాణానికి ముప్పేమీ లేదు. రోజూ లోపలికి పోయే గడ్డ ఒకరోజు పోకుండా నిలిచిపోయి, దాంతోపాటు నొప్పి మొదలైతే మాత్రం లెక్క గంటల్లోకి వస్తుంది. ఏళ్లపాటు ఏమీ చేయని గడ్డ ఒక్క రాత్రిలో ప్రాణం మీదికి ఎలా తెస్తుందో తెలియాలంటే ఆ గడ్డలో ఉన్నదేమిటో ముందు తెలియాలి.

ఇది కొత్తగా పెరిగిన కండ కాదు, క్యాన్సర్ గడ్డా కాదు. పొట్టలో ఉండాల్సినదే బయటికి తోసుకొచ్చి చర్మం కింద నిలబడుతుంది. పేగుల చుట్టూ పెరిటోనియం అనే పలుచని పొర, దాని మీద కండరాల పొరలు, ఆపైన కొవ్వు, చర్మం కలిసి పొట్ట గోడ అవుతాయి. దగ్గినా, తుమ్మినా, మలవిసర్జనకు ముక్కినా, బస్తా ఎత్తినా పొట్ట లోపల ఒత్తిడి ఒక్కసారిగా పెరుగుతుంది. గోడ అంతటా గట్టిగా ఉంటే ఆ ఒత్తిడిని అది తట్టుకుంటుంది. ఎక్కడైనా బలహీనంగా ఉంటే, టైరు చిరిగిన చోట సైకిల్ ట్యూబు బుడగలా బయటికి పొంగినట్టు, లోపలి పెరిటోనియం అక్కడ ఒక సంచిలా బయటికి వస్తుంది. ఆ సంచిలోకి పేగుల మీద పరుచుకుని ఉండే కొవ్వు పొర గానీ, చిన్నపేగు మెలిక గానీ దిగుతుంది. పడుకుంటే ఒత్తిడి తగ్గి, దిగినది వెనక్కి జారిపోతుంది. సంచి మాత్రం అక్కడే ఉంటుంది. మర్నాడు లేచి నాలుగడుగులు వేసేసరికి గడ్డ మళ్లీ కనపడటానికి కారణం ఇదే.

పొట్ట గోడ ఇంత విశాలంగా ఉండగా గజ్జల్లోనే ఈ బలహీనత ఎక్కువగా ఎందుకు ఉంటుందన్న ప్రశ్నకు జవాబు పుట్టుకకు ముందే ఉంది. మగశిశువు గర్భంలో ఉండగా వృషణాలు మూత్రపిండాల దగ్గర తయారవుతాయి. తర్వాత మెల్లగా కిందికి దిగి, ఏడో నెల ప్రాంతంలో గజ్జల్లోని ఒక ఏటవాలు దారి గుండా పొట్ట గోడను దాటి తమ సంచిలోకి చేరతాయి. దిగేటప్పుడు పెరిటోనియం పొరను కూడా ఒక గొట్టంలా వెంట తీసుకొస్తాయి. మామూలుగా ఆ గొట్టం పుట్టే సమయానికో ఆ తర్వాత కొద్దికాలానికో మూసుకుపోతుంది. ఏటవాలు దారి మాత్రం మిగిలే ఉంటుంది. పెద్దవారిలో దాని పొడవు సుమారు 4 సెంటీమీటర్లు. వీర్యనాళం, వృషణానికి వెళ్లే రక్తనాళాలు అందులోంచే పోవాలి కాబట్టి ఆ దారిని పూర్తిగా మూసేయడం శరీరానికి కుదరదు.

పెరిటోనియం గొట్టం మూసుకోకుండా మిగిలిపోతే హెర్నియాకు పుట్టుకతోనే దారి సిద్ధంగా ఉన్నట్టే. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్లో హెర్నియా ఎక్కువగా కనిపించడానికి కారణం ఇదే. కుడి వృషణం ఎడమదాని కంటే ఆలస్యంగా దిగుతుంది కాబట్టి కుడివైపు హెర్నియాలు ఎక్కువ. కొందరిలో ఆ గొట్టం తెరుచుకునే ఉన్నా 20, 30 ఏళ్లదాకా అందులోకి ఏదీ దిగదు. ఏదో ఒకరోజు బరువైన బస్తా ఎత్తినప్పుడు మొదటిసారి పేగు దిగుతుంది. బస్తా వల్లే జబ్బు వచ్చిందని ఆ మనిషి నమ్మడంలో వింత లేదు. నిజానికి దారి ఎప్పటినుంచో ఉంది, బస్తా దాన్ని బయటపెట్టింది. ఇది చెప్పుకోవాల్సిన విషయం, ఎందుకంటే బరువు ఎత్తడం మానేస్తే హెర్నియా మానిపోతుందని చాలామంది ఆశ పెట్టుకుంటారు. బరువు మానేస్తే గడ్డ తక్కువసార్లు బయటికి రావచ్చు గానీ తెరుచుకున్న దారి పెద్దవారిలో దానంతట అది మూసుకోదు.

రెండో రకం వయసుతో వచ్చేది. ఏటవాలు దారికి వెనకగోడగా ఉండే పలుచని పొర ఏళ్లు గడిచేకొద్దీ సాగి, గడ్డ నేరుగా ముందుకు పొంగుతుంది. బీడీ, సిగరెట్ల వల్ల ఆ పొరకు బలమిచ్చే కొల్లాజెన్ దెబ్బతింటుంది. పైగా వాటితో వచ్చే దీర్ఘకాలపు దగ్గు రోజుకు వందసార్లు లోపలినుంచి తోస్తుంది. మలబద్ధకంతో ముక్కడం, ప్రొస్టేట్ పెరిగి మూత్రానికి ముక్కడం కూడా అలాగే పనిచేస్తాయి. అందుకే 60 దాటిన మనిషి హెర్నియాతో వస్తే మంచి డాక్టరు దగ్గు గురించి, మూత్రం ధార గురించి కూడా అడుగుతాడు. వాటిని పట్టించుకోకుండా గోడ ఒక్కటే కుడితే తోసేది తోస్తూనే ఉంటుంది. మొత్తంమీద జీవితకాలంలో మగవాళ్లలో నూటికి సుమారు 27 మందికి, ఆడవాళ్లలో ముగ్గురికి గజ్జల్లో హెర్నియా వస్తుందని అంచనా.

ఆడవాళ్లలో ఆ దారి సన్నగా ఉంటుంది కాబట్టి ఈ జబ్బు తక్కువ. అయితే వారిలో, ముఖ్యంగా పిల్లల్ని కన్న పెద్దవయసు స్త్రీలలో, ఇంకో రకం హెర్నియా పొంచి ఉంటుంది. అది గజ్జ మడతకు కొంచెం కిందుగా, తొడ పైభాగంలో, కాలికి వెళ్లే పెద్ద రక్తనాళం పక్కనే వస్తుంది. దీన్ని ఫెమోరల్ హెర్నియా అంటారు. వక్కంత చిన్నగా ఉంటుంది, దగ్గినా పెద్దగా కదలదు. చేతికి తగిలినా బిళ్ల కట్టిందనుకుని వదిలేస్తారు. దాని మూతి చాలా ఇరుకు, చుట్టూ సాగే గుణంలేని గట్టి పొర. అందువల్ల అందులో పేగు ఇరుక్కుంటే రక్తం ఆగిపోయే ప్రమాదం చాలా ఎక్కువ. 1991లో బ్రిటన్‌లో వెలువడిన ఒక అధ్యయనం ఈ రెండింటినీ పోల్చింది. మామూలు గజ్జ హెర్నియాలు రెండేళ్లలో నూటికి నాలుగైదు ఇరుక్కుపోతే, ఫెమోరల్ హెర్నియాలు 21 నెలల్లోనే నూటికి 45 ఇరుక్కుపోయాయి. చిన్న గడ్డే కదా అన్న మాట ఇక్కడ ఏమాత్రం పనికిరాదు. ఫెమోరల్ హెర్నియా అని తేలితే నొప్పి లేకపోయినా ఆలస్యం చేయకుండా ఆపరేషన్ చేయించడమే సరైనది.

హెర్నియాను గుర్తించడానికి ఖరీదైన పరీక్షలు చాలావరకు అవసరం లేదు. డాక్టరు రోగిని నిలబెట్టి చూస్తాడు, గడ్డ మీద వేళ్లు పెట్టి దగ్గమంటాడు. దగ్గిన క్షణంలో గడ్డ పెద్దదై వేళ్లను తోస్తుంది. తర్వాత పడుకోబెట్టి అది లోపలికి పోతుందో లేదో చూస్తాడు. పడుకోబెట్టి మాత్రమే పరీక్ష చేస్తే చిన్న హెర్నియా దొరకదు. అందుకే నిలబడి చూపించుకోవడం ముఖ్యం. లావుపాటి మనుషుల్లోనూ, నొప్పి ఉండి గడ్డ కనపడని వారిలోనూ అల్ట్రాసౌండ్ స్కాన్ ఉపయోగపడుతుంది.

గజ్జల్లో కనిపించే ప్రతి ఉబ్బూ హెర్నియా కాదు. కాలికి పుండు పడ్డప్పుడు గజ్జల్లో బిళ్లలు కడతాయి. అవి గట్టిగా, విడివిడిగా ఉంటాయి, పడుకున్నా పోవు. వరిబీజంలో వృషణం చుట్టూ నీరు చేరుతుంది. ఆ వాపుకు పైన వేళ్లు పెడితే వాపు అక్కడితో అయిపోయినట్టు తెలుస్తుంది. హెర్నియా వృషణాల సంచిదాకా దిగినప్పుడు మాత్రం వాపు పైకి, పొట్టలోకి కొనసాగుతున్నట్టే ఉంటుంది, దానికి పైకొస దొరకదు. పిల్లల్లోనూ, కుర్రవాళ్లలోనూ ఒక వృషణం హఠాత్తుగా భరించలేనంత నొప్పి పెడితే అది వృషణం మెలితిరిగిన లక్షణం కావచ్చు. అది హెర్నియా కాకపోయినా అంతే తొందరగా ఆసుపత్రికి వెళ్లాల్సిన పరిస్థితి.

గడ్డ తేలిగ్గా లోపలికి పోతూ, నొప్పి లేకుండా ఉన్న మగవాళ్లు వెంటనే ఆపరేషన్ చేయించుకోవాలా అన్నది న్యాయమైన ప్రశ్న. దీన్ని తేల్చడానికి అమెరికాలో 720 మంది మగవాళ్ల మీద జరిగిన ఒక అధ్యయనం 2006లో వెలువడింది. సగం మందికి ఆపరేషన్ చేశారు, మిగతా సగం మందిని గమనిస్తూ ఉండిపోయారు. వేచి ఉన్నవారిలో పేగు ఇరుక్కుని అత్యవసరమైనవి ఏడాదికి వెయ్యి మందిలో రెండు కూడా లేవు. కాబట్టి భయపడి పరుగెత్తాల్సిన అవసరం లేదు. అయితే వాళ్లలో పావువంతుకు దగ్గరగా రెండేళ్లలోనే ఆపరేషన్‌కు వచ్చేశారు, పదేళ్లకు ఆ సంఖ్య నూటికి 68 అయింది. చాలామంది వచ్చింది నొప్పి పెరిగినందుకే. అంటే వేచి ఉండటం తప్పు కాదు, కానీ చాలామందికి అది వాయిదా వేయడమే అవుతుంది. ఇంకో మాట కూడా ఉంది. ఆ అధ్యయనంలోని వారికి ఏం జరిగితే ఆసుపత్రికి రావాలో ముందే చెప్పి పంపారు. ఆసుపత్రి రెండు మూడు గంటల దూరంలో ఉన్న తండాలోనో, రోజూ బస్తాలు మోయక తప్పని పనిలోనో ఉన్న మనిషికి ఆ భరోసా అంతగా వర్తించదు. అలాంటివారు ముందే, ఆరోగ్యంగా ఉన్నప్పుడే చేయించుకోవడం మేలు. పేగు ఇరుక్కున్నాక చేసే ఆపరేషన్‌కూ దీనికీ ప్రమాదంలో పోలికే లేదు.

పసిపిల్లల సంగతి వేరు. ఏడాదిలోపు పిల్లల్లో హెర్నియా ఇరుక్కునే అవకాశం పెద్దవాళ్ల కంటే చాలా ఎక్కువ. పేగుతోపాటు ఆ పక్కనే ఉన్న వృషణానికి వెళ్లే రక్తం కూడా నలిగిపోవచ్చు. ఏడ్చినప్పుడు గజ్జల్లో ఉబ్బు వచ్చే పాపనైనా బాబునైనా పెద్దయ్యాక చూద్దామని ఆపకూడదు. బొడ్డు దగ్గర ఉబ్బు చాలామంది పిల్లల్లో వయసుతోపాటు తగ్గిపోతుంది. గజ్జల్లో ఉబ్బు అలా తగ్గదు. ఈ రెండింటినీ ఒకటే అనుకోవడం వల్ల ఎందరో తల్లులు నెలలు పోగొట్టుకుంటారు. పిల్లల్లో ఆపరేషన్ కూడా చిన్నదే. తెరుచుకున్న గొట్టాన్ని కట్టేస్తే సరిపోతుంది, జాలీ అవసరం ఉండదు.

ఇక అత్యవసరం ఎలా ముంచుకొస్తుందో ఒక ఉదాహరణలో చూడాలి. మార్కెట్ యార్డులో బస్తాలు మోసే 50 ఏళ్ల హమాలీ ఒకరికి మూడేళ్లుగా కుడి గజ్జలో హెర్నియా ఉందనుకుందాం. రోజూ పని అయ్యాక పడుకుంటే లోపలికి పోతుంది. ఒకరోజు సాయంత్రం ఆరు గంటలకు బస్తా భుజానికెత్తుకుంటుండగా గడ్డ ఎప్పటికంటే పెద్దదిగా బయటికి వచ్చింది. ఒక చిన్నపేగు మెలిక సంచిలోకి దిగి, మూతి దగ్గర నొక్కుకుపోయింది. ఇంటికెళ్లి పడుకున్నా గడ్డ పోలేదు. ముట్టుకుంటే గట్టిగా, నొప్పిగా ఉంది. దగ్గినా ఇదివరకులా కదలడం లేదు.

ఆ సమయంలో సంచి మూతి దగ్గర జరిగేది ఇది. పేగుకు రక్తాన్ని తెచ్చే ధమనిలో ఒత్తిడి ఎక్కువ, తిరిగి తీసుకెళ్లే సిరలో తక్కువ. ఇరుకు మూతి నొక్కినప్పుడు ముందు మూసుకుపోయేది సిర. రక్తం లోపలికి వస్తూనే ఉంటుంది, బయటికి పోదు. దాంతో పేగు గోడ ఉబ్బుతుంది. ఉబ్బినకొద్దీ మూతి ఇంకా బిగుసుకుంటుంది, బిగుసుకున్నకొద్దీ ఇంకా ఉబ్బుతుంది. చివరికి ధమని కూడా మూసుకుని రక్తం పూర్తిగా ఆగిపోతుంది. మొదలైనప్పటినుంచి ఐదారు గంటల్లోనే పేగు కుళ్లడం మొదలుకావచ్చు.

రాత్రి ఎనిమిదింటికి ఆ మనిషికి నొప్పి బొడ్డు చుట్టూ మెలిపెడుతున్నట్టు, వచ్చిపోతూ ఉంటుంది. చిన్నపేగు ఎక్కడ అడ్డుపడ్డా ఆ నొప్పి బొడ్డు దగ్గరే తెలుస్తుంది. ఇక్కడే పొరపాటు జరుగుతుంది. చూపించుకునే మనిషి కడుపునొప్పి అంటాడే తప్ప గజ్జల మాట ఎత్తడు. ఊళ్లోని వైద్యుడు గ్యాస్ అని ఒక ఇంజెక్షన్ ఇచ్చి పంపుతాడు. నొప్పి కాస్త తగ్గి, నమ్మకం కుదిరి రెండు మూడు గంటలు పోతాయి. రాత్రి పదింటికి వాంతులు మొదలవుతాయి, ముందు తిన్నది, తర్వాత పచ్చటి పసరు. గ్యాస్ వెళ్లడం, మలం రావడం ఆగిపోతాయి. అర్ధరాత్రి దాటాక పొట్ట ఉబ్బుతుంది. తెల్లవారేసరికి వచ్చిపోతూ ఉన్న నొప్పి ఆగకుండా స్థిరపడుతుంది, గడ్డ మీద చర్మం ఎర్రబడుతుంది, జ్వరం, నాడి వేగం పెరుగుతాయి. ఆరింటికే ఆసుపత్రికి వెళ్లి ఉంటే పేగు బతికేది. తెల్లవారేసరికి దాన్ని కత్తిరించాల్సి రావచ్చు.

కడుపునొప్పి, వాంతులతో వచ్చిన ఎవరినైనా, ముఖ్యంగా పెద్దవయసు స్త్రీలను, పంచె, చీర పక్కకు జరిపి గజ్జలు చూడకుండా పంపకూడదని సర్జన్లు తమ విద్యార్థులకు పదేపదే చెబుతారు. సిగ్గుపడి దాచే రోగికీ ఆ మాట వర్తిస్తుంది. గజ్జల్లో గడ్డ ఉందని ముందే తెలిస్తే ఆ ఒక్క మాట డాక్టరుకు చెప్పడంతో సగం దారి తొలగిపోతుంది.

రెండు మోసాల సంగతి ఇక్కడ చెప్పాలి. ఒక్కోసారి పేగు చుట్టు మొత్తం కాకుండా దాని గోడలో ఒక పక్క మాత్రమే మూతిలో ఇరుక్కుంటుంది. అప్పుడు మలం, గ్యాస్ మామూలుగానే పోతాయి, పొట్ట ఉబ్బదు. ఇరుక్కున్న భాగం మాత్రం లోపల కుళ్లిపోతూనే ఉంటుంది. విరేచనం అయింది కాబట్టి పేగు బాగానే ఉందన్న ధైర్యం అలాంటప్పుడు పనిచేయదు. రెండోది, గంటలపాటు తీవ్రంగా ఉన్న నొప్పి గడ్డ లోపలికి పోకుండానే తగ్గిపోవడం. నయమైందని ఊరుకోకూడదు, పేగు చనిపోతే కూడా నొప్పి కొంతసేపు తగ్గినట్టు ఉంటుంది.

కాబట్టి గుర్తుపట్టాల్సినది కొద్దిగానే ఉంది. రోజూ లోపలికి పోయే గడ్డ పోవడం లేదు, అది గట్టిపడి నొప్పి పెడుతోంది అంటే ఆ రెండే చాలు, వాంతులకోసం, జ్వరంకోసం ఎదురుచూడనవసరం లేదు. నొప్పి కొద్దిగా ఉండి, ఇంకే లక్షణమూ లేకపోతే వెల్లకిలా పడుకుని మోకాళ్లు ముడిచి, ఒళ్లు వదులుచేసి కాసేపు చూడవచ్చు. దానంతట అది జారిపోతే మర్నాడే సర్జన్‌ను కలవాలి. పోకపోతే వెంటనే బయలుదేరాలి. గట్టిగా నొక్కి లోపలికి తోయడం, నూనెతో మర్దన చేయడం ప్రమాదం. నలిగిన పేగు చిట్లిపోవచ్చు. లేదా సంచి మూతితో సహా పేగు లోపలికి పోయి, బయట గడ్డ కనపడకపోయినా లోపల బిగుసుకునే ఉండవచ్చు. వాంతులు మొదలైనా, చర్మం రంగు మారినా అసలు తాకకూడదు. బయలుదేరాక నీళ్లు, టీ, కాఫీలు కూడా తాగకూడదు. మత్తు ఇవ్వాల్సి వస్తే కడుపు ఖాళీగా ఉండాలి. ఆపరేషన్ థియేటర్, సర్జన్, మత్తు డాక్టరు ఉన్న ఆసుపత్రికే వెళ్లాలి. చిన్న క్లినిక్‌లో ఆగి, అక్కడినుంచి ఇంకోచోటికి పంపితే ఆ మధ్యలో పోయే గంటలే ఖరీదైనవి. 108కు ఫోన్ చేసినప్పుడే గజ్జల్లో గడ్డ ఇరుక్కుందని చెప్పడం మంచిది.

ఆసుపత్రిలో ముందు సెలైన్ పెడతారు, ముక్కు ద్వారా గొట్టం వేసి కడుపులోని పసరు తీస్తారు, యాంటీబయాటిక్ ఇస్తారు. ఇరుక్కుని ఎంతోసేపు కాలేదు, పేగు దెబ్బతిన్న లక్షణాలు లేవు అనుకుంటే నొప్పి తగ్గించే మందిచ్చి డాక్టరు మెల్లగా లోపలికి పంపే ప్రయత్నం చేయవచ్చు. సందేహం ఉంటే ఆపరేషనే. సంచిని తెరిచి, మూతిని కోసి వదులుచేసి, ఇరుక్కున్న పేగును బయటికి లాగి చూస్తారు. నల్లగానో ముదురు ఊదాగానో కనపడితే వెచ్చటి ఉప్పునీటిలో తడిపిన గుడ్డ చుట్టి కొన్ని నిమిషాలు ఆగుతారు. మత్తు డాక్టరు ఆ సమయంలో ఎక్కువ ఆక్సిజన్ ఇస్తారు. గుడ్డ తీశాక పేగుకు గులాబిరంగు తిరిగొచ్చి, పైన మెరుపు కనపడి, వేలితో తట్టినప్పుడు అలలా కదిలి, దానికి వెళ్లే ధమని కొట్టుకుంటుంటే అది బతికిందని లోపల పెట్టేస్తారు. రంగు రాకపోతే ఆ ముక్కను తీసేసి రెండు కొసలూ కలిపి కుడతారు. ఆ కొద్ది నిమిషాలే ఆ మనిషి మూడో నాలుగో రోజుకు ఇంటికి పోతాడా, వారాలపాటు ఆసుపత్రిలో ఉంటాడా అన్నది తేల్చేస్తాయి.

ముందుగా అనుకుని చేయించుకునే ఆపరేషన్ ఇంతకంటే చాలా సాదా. ఇటలీలోని పాడువాలో ఎడోర్డో బస్సీని 1880లలో ఆ దారి వెనకగోడను కుట్టి బలపరిచే పద్ధతి కనుక్కున్నాడు. వందేళ్లపాటు అందరూ దాన్నే ఏదో ఒక రూపంలో చేశారు. దూరంగా ఉన్న కండరాలను బలవంతంగా దగ్గరికి లాగి కుట్టడం వల్ల నొప్పి ఎక్కువగా ఉండేది, కుట్లు తెగి హెర్నియా తిరిగి వచ్చేది. 1980లలో లాస్ ఏంజెలెస్ సర్జన్ ఇర్వింగ్ లిక్టెన్‌స్టైన్ లాగి కుట్టడం మాని, బలహీనమైన చోట పాలీప్రొపిలీన్ జాలీ పరిచి కుట్టే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చాడు. కొద్ది వారాల్లో జాలీ కన్నాల్లోంచి శరీరం సొంత కండ పెరిగి, గోడతో ఒకటైపోతుంది. ఇప్పుడు మనదేశంలో కోసి చేసినా, మూడు చిన్న కన్నాల ద్వారా లాపరోస్కోపీతో చేసినా దాదాపు అందరికీ జాలీయే వేస్తారు. కోసి చేసే ఆపరేషన్‌ను ఆ చోట మాత్రమే మత్తు సూది ఇచ్చి కూడా చేయవచ్చు. గుండెజబ్బు ఉన్న ముసలివాళ్లకు అది పెద్ద వరం. రెండు వైపులా హెర్నియా ఉన్నప్పుడు, ఒకసారి చేసింది తిరిగి వచ్చినప్పుడు లాపరోస్కోపీ మేలని చాలామంది సర్జన్లు అంటారు.

జాలీ ఖరీదు పేదవాళ్లకు అడ్డంకి అయిన రోజుల్లో మహారాష్ట్రలోని దొండాయిచా అనే చిన్న పట్టణంలో సర్జన్ రవీంద్రనాథ్ తొంగావ్‌కర్ దోమతెర గుడ్డను స్టెరిలైజ్ చేసి జాలీగా వాడాడు. అలంకారానికి అన్న మాట కాదిది, నిజంగా దోమతెరల నేతగుడ్డే. తర్వాత ఉగాండాలో 300 మందికి పైగా మగవాళ్ల మీద జరిగి 2016లో వెలువడిన అధ్యయనంలో అలాంటి గుడ్డ, కంపెనీ జాలీ రెండూ ఏడాది తర్వాత ఒకేలాంటి ఫలితాలిచ్చాయి. ఖరీదైన జాలీ అయితేనే ఆపరేషన్ బాగుంటుందని ఎవరైనా చెబితే ఈ సంగతి గుర్తుంచుకోదగ్గది. జాలీ సరిగ్గా పరచడం, ఇన్‌ఫెక్షన్ రాకుండా చూడటం దాని బ్రాండు కంటే ముఖ్యం.

ఆపరేషన్ అంటే భయపడి హెర్నియా బెల్టు కట్టుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. బెల్టు గడ్డను లోపల నొక్కి ఉంచుతుందంతే, దారిని మూయదు. పేగు బయట ఉండగా పైనుంచి బిగిస్తే అది నలిగిపోయే ప్రమాదం కూడా ఉంది. ఆపరేషన్‌కు ఏమాత్రం తట్టుకోలేని వారికి తప్ప ఇంకెవరికీ అది పనికొచ్చేది కాదు.

అనుకుని చేసే ఆపరేషన్ తర్వాత చాలామంది అదేరోజో మర్నాడో ఇంటికి వెళతారు. మొదటిరోజే లేచి నడవాలి, మంచం మీద ఉండిపోవడం వల్ల లాభం లేదు. కూర్చుని చేసే పనికి వారం, పది రోజుల్లో వెళ్లవచ్చు. బస్తాలు మోసేవాళ్లను నాలుగు నుంచి ఆరు వారాలు ఆగమని మన దగ్గర సర్జన్లు చెబుతారు. మలబద్ధకం లేకుండా చూసుకోవడం, దగ్గుకు మందు వాడటం, బీడీ మానేయడం ఆ వారాల్లో మందులంత ముఖ్యం. గాయం పక్కన కొద్దిగా తిమ్మిరి నెలలపాటు ఉండవచ్చు. పదిమందిలో ఒకరికి గజ్జల్లో నొప్పి మూడు నెలలు దాటినా ఏదో ఒక మేర మిగులుతుంది. కాబట్టి ఏ ఇబ్బందీ లేని హెర్నియాకు ఆపరేషన్ చేయించుకునే ముందు ఈ సంగతి కూడా డాక్టరుతో మాట్లాడాలి. మొదటి రోజుల్లో వృషణాల సంచి కమిలి నల్లబడి, కొద్దిగా వాచి కనిపిస్తుంది, రెండు వారాల్లో తగ్గుతుంది. గాయం ఎర్రబడి చీము కారినా, జ్వరం వచ్చినా, వాపు రోజురోజుకూ పెరిగినా, మూత్రం రాకపోయినా వెంటనే చూపించుకోవాలి. కొన్ని నెలల తర్వాతో ఏళ్ల తర్వాతో అదే చోట దగ్గితే ఉబ్బు వస్తుంటే హెర్నియా తిరిగి వచ్చి ఉండవచ్చు. ఇరుక్కోవడం విషయంలో దానికీ పాత నియమాలే వర్తిస్తాయి.